తెత్ పండక్కి మెసేజ్: ముందు వరస కుదరాలి

ఏటా తెత్ దగ్గరపడేసరికి సైగాన్‌లో ఉన్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక జాబితా తిరుగుతుంది. వియత్నాం వాళ్ల చాంద్రమాన కొత్త సంవత్సరానికి పంపాల్సిన శుభాకాంక్షలు, పక్కనే వాటి అర్థాలు. "బాస్‌కి, క్లయింట్లకి, ఇంట్లో పెద్దవాళ్లకి, అందరికీ పనికొస్తాయి, కాపీ చేసి పంపేసుకోండి" అని పైన రాసి ఉంటుంది. 2026లో పండగ ఫిబ్రవరి 17న వచ్చింది. దానికి వారం ముందే జాబితా నా ఫోన్లోకి వచ్చేసింది. అందులో మొదటి వాక్యం ఇది:

```
Chúc bạn và gia đình năm mới an khang thịnh vượng.
```

మీకూ మీ కుటుంబానికీ కొత్త సంవత్సరంలో శాంతి, ఆరోగ్యం, సంపద కలగాలని దీని అర్థం. వ్యాకరణం సరిగ్గానే ఉంది, అక్షరాల మీద గుర్తులు కూడా ఒక్కటీ తప్పలేదు. అయినా సరే, దీన్ని బాస్‌కి పంపకూడదు. ఇరవై ఏళ్లు పెద్దయిన క్లయింటుకి పంపకూడదు. అత్తగారికి అసలే పంపకూడదు. చిక్కంతా రెండో మాటలో ఉంది. "బాన్" అంటే స్నేహితుడు, స్నేహితురాలు. ఈడువాళ్లని, క్లాసులో పక్కన కూర్చున్నవాళ్లని, ఎవరో తెలియని చదువరిని పిలిచే మాట అది. ప్రకటనల్లో బాగానే ఉంటుంది. పెద్దావిడకి పంపితే, "అత్తయ్యా, పండగ శుభాకాంక్షలు" అనాల్సిన చోట "మిత్రమా, శుభాకాంక్షలు" అన్నట్టుంటుంది.

అందరికీ ఒకటే పనికొచ్చే వియత్నామీ శుభాకాంక్ష లేదని నా గట్టి అభిప్రాయం. అక్కడ ముందు వరస కుదరాలి. నేను నీకు ఏమవుతాను, నువ్వు నాకు ఏమవుతావు అన్నది తేలాక మిగతా వాక్యం దానంతట అదే వస్తుంది. వరస సరిగ్గా ఉండి దీవెన రెండే మాటలున్నా ఆ మెసేజ్ నిలబడుతుంది. వరస తప్పితే ఎంత చక్కటి నాలుగు మాటల సమాసం పెట్టినా అది ఫార్వర్డు మెసేజే.

(వియత్నామీ మాటల్ని చెవికి వినిపించినంత దగ్గరగా తెలుగులో రాస్తున్నాను. ఆ భాషలోని స్వరాలు మన లిపిలో పట్టవు. అందుకే పంపాల్సిన వాక్యాల్ని మాత్రం వాళ్ల లిపిలోనే ఇస్తున్నాను.)

మనకు తెలిసిన వరసలే

ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ విషయం దగ్గరికి వచ్చేసరికి పెద్ద పట్టిక వేసి భయపెడతారు. తెలుగువాళ్లకి అంత భయం అక్కర్లేదు. అన్నని "అన్", అక్కని "చీ", తమ్ముడైనా చెల్లెలైనా "ఎమ్". నాన్నకి తమ్ముడు "చూ", మన బాబాయి. మేనత్త "కో". మేనమామ "కౌ". దక్షిణ వియత్నాంలో అమ్మ అక్కచెల్లెళ్లందరూ "యీ". పెద్దమ్మ, పిన్ని అనే తేడా లేదు. నాన్న అన్న "బాక్", మన పెద్దనాన్న. ఉత్తరాన మాత్రం ఈ బాక్ అనే మాట చాలా దూరం పాకింది. నాన్న అన్న, నాన్న అక్క, అమ్మ అన్న, అమ్మ అక్క, అందరూ బాక్‌లే. అందుకే హనోయ్ వాళ్లు రాసిన నమూనాలు సైగాన్ ఇంట్లో కొంచెం పరాయిగా వినిపిస్తాయి, ఇక్కడివి అక్కడ వినిపిస్తాయి.

ఈ వరసలు చుట్టాలకే కాదు, బయటివాళ్లకీ వాడతారు. అది కూడా మనకి కొత్త కాదు. కూరగాయలమ్మే ఆయన్ని బాబాయ్ అంటాం, ఆటో అతన్ని అన్నా అంటాం. మనకీ వాళ్లకీ అసలు తేడా ఇంకో చోట ఉంది. మనం ఎదుటివాళ్లని ఏ వరస పెట్టి పిలిచినా "నేను" మాత్రం నేనుగానే ఉంటుంది. వియత్నామీలో నేను కూడా మారాలి. అక్కతో మాట్లాడేటప్పుడు నేను "ఎమ్", తమ్ముడితో "అన్", అత్తమామలతో, అమ్మమ్మతో "కోన్", అంటే బిడ్డ. ఉత్తరాదిన మనవడి వరసకి వేరే మాట ఉంది, దక్షిణాదిన దానికీ ఎక్కువగా కోన్ చాలు. "తోయ్" అని తటస్థంగా ఒక "నేను" ఉంది కానీ, దాన్ని అత్తగారి దగ్గర వాడితే తలుపు వేసినట్టే. కోపం వచ్చినప్పుడు, కోర్టులో, అర్జీలో వాడే నేను అది.

అంటే మెసేజ్‌లో సరిచూసుకోవాల్సింది ఒక మాట కాదు, ఒక జత. అన్–ఎమ్, చీ–ఎమ్, అమ్మానాన్నలైతే బా మా–కోన్. జాబితాల్లో సగం తప్పులు ఇక్కడే ఉంటాయి. ఎదుటివాళ్ల మాట మార్చి, తమ మాట మార్చడం మర్చిపోతారు. అక్క అని మొదలుపెట్టి చివర్లో "తోయ్" అని సంతకం చేస్తారు.

ఇక ఎవరికి ఏ వరస అన్నదానికి సైగాన్‌లో నాకు దొరికిన కొలత ఒక్కటే, మన అమ్మానాన్నల వయసు. మనకంటే పెద్ద, కానీ మన అన్న అనుకోదగ్గ ఈడు అయితే అన్ లేదా చీ. ఒక తరం పైన ఉన్నట్టు కనిపించి, మా నాన్న కంటే చిన్న అయితే చూ, ఆడవాళ్లయితే కో. నాన్న కంటే పెద్ద అయితే బాక్. వాళ్లే చెప్పుకునే సూత్రం ఇంకోటి ఉంది: తనని చెప్పుకునేటప్పుడు తగ్గి, ఎదుటివాళ్లని పిలిచేటప్పుడు పెంచి. సందేహం వస్తే ఒక మెట్టు తగ్గి ఉంటే నష్టం లేదు. ఒక్క మినహాయింపు మాత్రం గుర్తుపెట్టుకోవాలి. నలభై అయిదేళ్ల ఆవిడని గౌరవం కదా అని కో అంటే, ఆవిడని ఒక తరం ముసలిని చేసినట్టు. ఆఫీసుల్లో చీ దగ్గర ఆగిపోవడమే మేలు.

బాస్‌కి

మా టీమ్‌లోకి గుంటూరు నుంచి కొత్తగా ఒక అబ్బాయి వచ్చాడు. జాబితా పట్టుకుని నా దగ్గరికొచ్చి, "అన్నా, డైరెక్టర్ మేడమ్‌కి ఇందులో ఏది పంపను?" అని అడిగాడు. మేడమ్‌కి యాభై లోపే. అతనికి ఇరవై ఏడు. లెక్క ప్రకారం కో అనొచ్చు. కానీ ఆఫీసులో ఆవిడని అందరూ చీ అనే పిలుస్తారు, అప్పుడే డిగ్రీ అయిపోయి చేరిన పిల్లలు కూడా. ఆఫీసు అలవాటు వయసు లెక్కని కొట్టేస్తుంది. కాబట్టి చీ–ఎమ్.

తర్వాత పేరు. వియత్నాం వాళ్ల పేర్లలో ఇంటిపేరు ముందు, సొంత పేరు చివర. న్గుయెన్ థీ లాన్ అనే ఆవిడని చీ లాన్ అనాలి, చీ న్గుయెన్ అనకూడదు. దేశంలో సుమారు మూడో వంతు మంది న్గుయెన్లే కాబట్టి చీ న్గుయెన్ అంటే ఎవరూ కాదు. ఇంటిపేరుకి గౌరవ పదం తగిలించే ఇంగ్లీషు ఈమెయిల్ అలవాటు ఇక్కడ మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. మన ఊళ్లో లక్ష్మిగారు అన్నట్టే, సొంత పేరుతోనే గౌరవం.

మేమిద్దరం కూర్చుని రాసింది ఇది:

```
Kính gửi chị Lan,
Nhân dịp năm mới, em kính chúc chị và gia đình
thật nhiều sức khỏe, bình an, vạn sự như ý.
Em cảm ơn chị đã chỉ bảo em trong năm qua ạ.
```

(లాన్ అన్నది నమూనా పేరు.) ఇందులో దీవెన మామూలుదే: ఆరోగ్యం, ప్రశాంతత, అనుకున్నవన్నీ జరగడం. పనిచేసేవి వేరే. మొదట్లో "కిన్" అనే మాట. చుక్ అంటే కోరుకోవడం, కిన్ చుక్ అంటే భక్తితో కోరుకోవడం. పైవాళ్లకి రాసేటప్పుడే దాన్ని పెడతారు, కిందివాళ్లకి పెడితే వెక్కిరించినట్టుంటుంది. చివర్లో "అ" అని ఒక చిన్న అక్షరం. మనం "అలాగేనండీ"లో తగిలించే "అండీ" లాంటిది. మూడో వాక్యం ముఖ్యం, అది జాబితాలో దొరకదు. గడిచిన ఏడాది నాకు దారి చూపించారు, అందుకు కృతజ్ఞతలు అన్నది ఆ మేడమ్‌కీ ఆ అబ్బాయికీ మధ్య ఉన్న విషయం. ఫార్వర్డు కాదని తెలిసేది ఆ వాక్యంతోనే.

"సేప్" అని కూడా పిలుస్తారు, ఫ్రెంచివాళ్లు వదిలి వెళ్లిన మాట, బాస్ అని అర్థం. "ఎమ్ చుక్ సేప్..." అని, ఇక్కడి వాట్సాప్ లాంటి జాలోలో నవ్వు బొమ్మతో పంపేవాళ్లు బోలెడుమంది. రోజూ కలిసి అన్నం తినే బాస్‌కి అది చక్కగా ఉంటుంది. కొత్తగా చేరినవాడికి మాత్రం అంత చనువు ఇంకా రాలేదు.

బాస్ మనకంటే చిన్నవాడైతే? ఇది అందరూ అడిగే ప్రశ్న. నలభై ఏళ్ల మనిషికి ముప్ఫై మూడేళ్ల బాస్ ఉంటే, అతన్ని ఎమ్ అనడం కుదరదు. చాలామంది అతన్ని అన్ అనే పిలిచి, తమని మాత్రం తోయ్ అని చెప్పుకుంటారు. ఆఫీసులో తోయ్ అంత చల్లగా ఉండదు, ఇద్దరి మర్యాదా నిలుస్తుంది. కొందరు తామే ఎమ్ అయిపోతారు. నాకు మొదటిదే నచ్చుతుంది. ఏడేళ్లు చిన్నవాడి ముందు తమ్ముడిగా తగ్గడంలో వినయం కంటే అవసరం ఎక్కువ కనిపిస్తుంది, అది బాస్‌కీ కనిపిస్తుంది.

నాకు నిజంగా ఇబ్బంది కలిగించే సందేహం ఇక్కడే ఉంది. బాస్ అక్క, ఉద్యోగి తమ్ముడు అయిపోయాక, శనివారం సాయంత్రం "తమ్ముడూ, ఈ ఒక్క ఫైలు చూసిపెట్టు" అంటే కాదనడం ఎలా? జీతం పెంచమని అక్కని అడగడం ఎలా? వరసలు ఆఫీసులో ఆప్యాయత తెస్తాయి, నోరు కూడా కట్టేస్తాయి. అందరూ పేర్లతో పిలుచుకుంటే మంచిదనే వియత్నామీ కుర్రవాళ్లు నాకు తెలుసు, వాళ్ల మాటలో న్యాయం ఉంది. ఆ మార్పు రావాలనే నేనూ కోరుకుంటాను. కానీ దాన్ని తేవాల్సింది లోపలివాళ్లు, రోజూ మాట్లాడే మాటల్లో. బయటి నుంచి వచ్చిన మనిషి, ఏడాదికొకసారి పంపే పండగ మెసేజ్‌లో హఠాత్తుగా బాన్ అంటే అందులో ఎవరికీ సమానత్వం కనపడదు, తెలియనితనమే కనపడుతుంది.

క్లయింట్లకి రెండు ఉత్తరాలు

మాది మందుల ముడిసరుకు అమ్మే వ్యాపారం. క్లయింట్ల విషయంలో జాబితాలు చేసే పొరపాటు, కంపెనీకి రాసేదాన్నీ మనిషికి రాసేదాన్నీ కలిపేయడం. కంపెనీ తరఫున, లెటర్‌హెడ్ మీద వెళ్లేది ఇలా ఉంటుంది:

```
Kính gửi Quý công ty,
Nhân dịp Xuân Bính Ngọ 2026, công ty chúng tôi
kính chúc Quý công ty một năm mới
an khang, thịnh vượng.
Trân trọng,
```

"క్వీ" అంటే విలువైన, గౌరవనీయమైన. క్వీ కోంగ్ తీ అంటే తమరి కంపెనీ. ఇక్కడ ఎవరికీ వరస లేదు, ఉండక్కర్లేదు. "బిన్ ఙో" అన్నది ఏడాది పేరు. మనకి ప్రభవ, విభవ అని ఉన్నట్టే వాళ్లకీ అరవై ఏళ్ల చక్రం ఉంది. 1966 వాళ్లకి బిన్ ఙో, మనకి పరాభవ. 2026లో రెండూ కలిసే తిరిగొచ్చాయి. నిరుటి ఉత్తరాన్ని కాపీ చేసేవాళ్లు ఈ పేరు మార్చడం మర్చిపోతారు, 2025 అంకె దిద్ది "ఆత్ తీ" అనే పాత పేరు వదిలేస్తారు. మెసేజ్ ఎంత శ్రద్ధగా రాశారో చదివేవాళ్లకి అక్కడే తెలిసిపోతుంది.

తెలుగువాడికి సులువుగా వచ్చేది ఒకటుంది. వియత్నామీలో "చుంగ్ తోయ్" అంటే మేము, "చుంగ్ తా" అంటే మనం. ఇంగ్లీషు నుంచి వచ్చినవాళ్లు ఈ రెండింటినీ కలిపేసి, "మన కంపెనీ మీకు శుభాకాంక్షలు తెలుపుతోంది" లాంటి వాక్యాలు రాస్తారు. మేము, మనం తేడా ఉగ్గుపాలతో వచ్చిన మనకి ఆ చిక్కు లేదు.

కానీ అయిదేళ్లుగా మన సరుకు కొంటున్న మనిషికి, వాళ్లింటి పెళ్లికి వెళ్లి భోంచేసినవాళ్లకి, క్వీ కోంగ్ తీ ఒక్కటే పంపి ఊరుకుంటే అది నోటీసు. కరెంటు ఆఫీసు వాళ్లు కూడా క్వీ ఖాక్, అంటే గౌరవనీయ కస్టమర్, అనే రాస్తారు. కంపెనీ ఉత్తరం ఎటూ వెళ్తుంది. దానితోపాటు ఆ మనిషికి విడిగా ఒకటి వెళ్లాలి:

```
Dạ em chào anh Hùng,
Năm mới em chúc anh và gia đình sức khỏe,
bình an, công việc thuận lợi.
Bên em cảm ơn anh đã đồng hành suốt năm qua.
Mong năm tới hai bên mình tiếp tục hợp tác ạ.
```

(ఇదీ నమూనా పేరే.) "బేన్ ఎమ్" అంటే తమ్ముడి వైపు, అంటే మా కంపెనీ. కంపెనీ మొత్తాన్నీ తమ్ముడి వరసలో పెట్టి మాట్లాడే ఈ పద్ధతి అమ్మకాల్లో ఉన్నవాళ్లందరి నోటా వినిపిస్తుంది. క్లయింటు మనకంటే రెండు మూడేళ్లు చిన్నవాడైనా అన్ అనే అంటాం. కొనేవాడు ఎప్పుడూ అన్నే.

మగా ఆడా తెలియని సందర్భం ఇక్కడ ఎక్కువగా వస్తుంది. మిన్, థాన్, ఆన్ లాంటి పేర్లు ఇద్దరికీ ఉంటాయి. మధ్యలో థీ ఉంటే ఆడపేరు, వాన్ ఉంటే మగపేరు. ఏదీ లేకపోతే జాలోలో ఫొటో చూడండి, లేదా ఫోన్ చేసి వాళ్ల రిసెప్షన్‌లో అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. అదీ కుదరనప్పుడు రెండూ పెట్టి గీత గీయొచ్చు, అది మర్యాదే:

```
Kính gửi Anh/Chị Minh,
```

దీవెన ఎంచుకోవడంలో కూడా ఒక జాగ్రత్త ఉంది. "ముయా మై, బాన్ దాత్" అని దుకాణదారులకి చెప్పే చక్కటి దీవెన ఉంది, కొనుగోళ్లు కలిసిరావాలి, అమ్మకాలు జోరుగా సాగాలి అని. బెన్ థాన్ మార్కెట్లో బట్టల కొట్టు ఆవిడకి అది నోరూరించే మాట. మా క్లయింట్లలో ఆసుపత్రులున్నాయి. ఆసుపత్రి డాక్టరుకి గిరాకీ పెరగాలని కోరుకుంటే ఎవరికో జబ్బు చేయాలని కోరుకున్నట్టే కదా. వాళ్లకి ఆరోగ్యం, ప్రశాంతత చాలు.

అలాగే ఆ ఏడాది ఇంట్లో ఎవరైనా పోయినవాళ్లుంటే సంబరం, నవ్వులు, సిరులు అన్నీ తీసేసి "బిన్ ఆన్", ప్రశాంతత, ఒక్కటే ఉంచాలి. మైలలో ఉన్న కుటుంబాలు తెత్‌కి ఇతరుల గడప తొక్కరు. మన దగ్గరా ఏటి సూతకంలో పండగ చేసుకోరు కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఇంట్లో పెద్దవాళ్లకి

నా భార్యది మెకాంగ్ డెల్టా. ఆ వైపు మొదటి సంతానాన్ని ఒకటి అనరు, "హాయ్" అంటారు, అంటే రెండు. రెండో సంతానం మూడు, మూడో సంతానం నాలుగు. ఇంట్లో పేర్లు పెట్టి పిలుచుకోవడం తక్కువ, ఈ అంకెలే పేర్లు. మా వదినగారు అందరికంటే పెద్ద, కాబట్టి చీ హాయ్. ఆవిడ నాకంటే మూడేళ్లు చిన్న. అయినా నేను ఆవిడకి ఎమ్‌నే, ఎందుకంటే పెళ్లితో నాకు నా భార్య వరస వచ్చింది. ఆవిడ భర్త కూడా అదే అంకెతో అన్ హాయ్. "దుంపంత ఉన్నా వరస పెట్టే పిలవాలి" అని ఉత్తరాది సామెత ఒకటుంది. ఇంట్లో వయసు లెక్కలోకి రాదు, వరసే. మేనల్లుడి కంటే చిన్నవాడైన మేనమామలు ఉన్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం, ఇది మనకి చెప్పించుకోవాల్సిన విషయమా?

అత్తమామలకి మేము పంపేది:

```
Vợ chồng con kính chúc ba má năm mới
dồi dào sức khỏe, vui vẻ,
sống lâu trăm tuổi với con cháu.
```

"వో చోంగ్ కోన్" అంటే మీ బిడ్డలైన మేమిద్దరం ఆలుమగలం. నేనొక్కణ్నే పంపినా ఇలాగే రాస్తాను, పెళ్లయినవాళ్లు జంటగా చెప్పడమే అక్కడ ఆనవాయితీ. ఈ మెసేజ్‌లో అమ్మ అనే మాట మీదున్న చిన్న గీతని పోగొట్టుకోకండి. ఆ గీత ఉంటే మా, అమ్మ. గీత లేకపోతే దెయ్యం:

```
ba má
ba ma
```

అలాగే ఈ ba మీద ఎడమవైపు వాలే గీత పెడితే నాన్న కాస్తా నాయనమ్మ అయిపోతుంది. గుర్తులు లేకుండా టైప్ చేసినా వియత్నాం వాళ్లు సందర్భాన్ని బట్టి చదివేసుకుంటారు, కుర్రవాళ్లు తమలో తాము అలాగే పంపుకుంటారు కూడా. కానీ పెద్దవాళ్లకి పంపేదాంట్లో గుర్తులు పెట్టడమే మర్యాద. ఫోన్‌లో వియత్నామీ కీబోర్డు వేసుకుని టెలెక్స్ పద్ధతి ఎంచుకుంటే చాలు, గుర్తులు అక్షరాలతోనే పడతాయి. కింద మొదటి వరుస టైప్ చేస్తే రెండో వరుస వస్తుంది:

```
Chucs muwngf nawm mowis
Chúc mừng năm mới
```

ఇక నా భార్య వాళ్ల అమ్మమ్మ. ఆవిడని "ఙ్వాయ్" అంటాం, అమ్మ వైపు అని. నాయనమ్మ, తాతయ్యలైతే "నోయ్". జాబితాల్లో పెద్దవాళ్లకి అని ఎప్పుడూ ఇచ్చేది నూరేళ్లు బతకాలనే దీవెన. అరవై, డెబ్బై ఏళ్లవాళ్లకి అది ఎంతో బాగుంటుంది. ఙ్వాయ్‌కి తొంభై దాటాయి. తొంభైలలో ఉన్నావిడకి నూరేళ్లు అంటే గడువు పెట్టినట్టు నాకు అనిపిస్తుంది. నా భార్య అంత పట్టించుకోదు, అందరూ అనేదే కదా అంటుంది. అయినా నేను మార్చుకున్నాను:

```
Con chúc ngoại năm mới mạnh khỏe,
ăn ngon ngủ ngon, sống vui với con cháu.
```

రుచిగా తినాలి, హాయిగా నిద్రపోవాలి, పిల్లలతో మనవలతో సంతోషంగా ఉండాలి. ఇందులో కిన్ కూడా తీసేశాను. దక్షిణాదిన అమ్మమ్మ దగ్గర అంత బిగుసుకుపోతే ఆవిడే కంగారు పడుతుంది. ఉత్తరాదిన, కొంచెం సంప్రదాయం పట్టే ఇంట్లో అయితే కిన్ ఉంచడమే మంచిది. అయినా ఙ్వాయ్‌కి మెసేజ్ ఎప్పుడూ రెండో స్థానమే. పండగ మొదటి రోజు నాన్న వైపు, రెండో రోజు అమ్మ వైపు, మూడో రోజు గురువు దగ్గరికి అని వాళ్లకి నానుడి ఉంది. వెళ్లగలిగితే వెళ్లాలి. వెళ్లలేని ఏడాది మనవరాలు ఆ వాక్యాన్ని పైకి చదివి వినిపిస్తుంది. పైకి చదవడానికని రాసే మెసేజ్ పొట్టిగా ఉండాలి.

"మీరు విదేశీయులు కదా, పర్వాలేదు"

ఇదంతా విన్న మా ఆఫీసులోని వియత్నామీ సహోద్యోగి ఒకావిడ నవ్వి, "మీరు ఇంగ్లీషులో పంపినా ఎవరూ ఏమీ అనుకోరు" అంది. నిజమే. ఆవిడ మాటలో సగం ఒప్పుకుంటాను. ఇంగ్లీషులో ఎదుటివాళ్లు ఎవరైనా ఒకే మాట, కాబట్టి తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. డైరెక్టర్ మేడమ్‌కి శ్రద్ధగా రాసిన ఇంగ్లీషు ఉత్తరం, బాన్ అని పిలిచే వియత్నామీ మెసేజ్ కంటే వెయ్యి రెట్లు నయం. వరస తేల్చుకోలేకపోతే ఇంగ్లీషులోనే పంపమని ఆ గుంటూరు అబ్బాయికీ చెప్పాను.

మిగతా సగం ఒప్పుకోను. విదేశీయుడని క్షమించడం ఒకటి, మనవాడు అనుకోవడం ఇంకొకటి. మొదటిదానికి ఏ శ్రమా అక్కర్లేదు, ఎన్నేళ్లున్నా అది దొరుకుతూనే ఉంటుంది. నేను పెళ్లి చేసుకున్న ఇంట్లో ఏటా క్షమించబడుతూ ఉండటం నాకు ఇష్టం లేదు. ఇంగ్లీషు మెసేజ్‌తో ఙ్వాయ్ ఏం చేస్తుంది?

పైగా ఇక్కడ వరస తప్పినా ఎవరూ మొహం మీద అనరు కాబట్టి, తప్పు జరిగిందని మనకి తెలిసే దారి ఒక్కటే ఉంది, వచ్చిన బదులు. ఏమని పిలవాలో వాళ్లు అందులోనే చెప్పేస్తారు. కామ్ అన్ అంటే థాంక్స్. మనం చూ అని పంపితే "అన్ కామ్ అన్ ఎమ్" అని, అన్నయ్య తమ్ముడికి థాంక్స్ చెప్తున్నాడని వచ్చిందనుకోండి. తనని బాబాయిని చేయొద్దని ఆయన చెప్పినట్టు. మనం చీ అని పంపితే, "కో కామ్ అన్ కోన్" అని వస్తే ఆవిడ మనల్ని పిల్లల లెక్కలో వేసుకుంది, తర్వాత నుంచి మనం కోన్. ఎమ్ అని తగ్గి పంపినా బదులు తోయ్ అని వచ్చిందంటే ఆయన దూరం కోరుకుంటున్నాడు, వరస కలపడం ఆపి క్వీకి వెనక్కి వెళ్లాలి. అన్న ఎవరు, తమ్ముడు ఎవరు అన్న సంగతి లేకుండా ఉత్త "కామ్ అన్" అని బొమ్మ వచ్చిందంటే మాత్రం ఏమీ తెలియదు. పండగ రోజుల్లో చాలామంది అదే పంపుతారు, దానికి అర్థాలు వెతకక్కర్లేదు.

గుంటూరు అబ్బాయికి మేడమ్ దగ్గర్నుంచి "చీ కామ్ అన్ ఎమ్" అని, వాళ్ల అమ్మానాన్నలని కూడా అడిగినట్టు చెప్పమని ఇంకో వాక్యంతో వచ్చింది. నేను పంపినవాటిలో ఒక ఆసుపత్రి పెద్దాయనకి చూ అని రాశాను. ఆయన నుంచి "బాక్" అని వచ్చింది. మా నాన్న కంటే పెద్దవాడన్న మాట. ఫోన్‌లో ఆయన పేరు ముందున్న చూ తీసేసి బాక్ అని మార్చుకున్నాను.